మా బియ్యం బ్రాండు పేరు మీద పాత డీలర్ .in వెబ్‌సైట్ తీసుకున్నడు, మూడు లక్షలు అడుగుతుండు, ఏం చేయాలె?

ఎడమకాల్వ, మిర్యాలగూడ

అందరికీ నమస్తే. మాది చిన్న రైస్ మిల్లు, మా మామ నడిపిస్తడు, లెక్కలు, ఆర్డర్లు నేను చూస్త. 2014 నుంచి మా బియ్యం ఒకటే పేరు మీద పోతున్నయి, రెండు తెలుగు మాటలు కలిపి ఆ పేరు మామనే పెట్టిండు, ఇక్కడ అసలు పేరు రాయను, maabrand అనుకోండి. ఆన్‌లైన్‌ల ఆర్డర్లు తీసుకుందామని మొన్న maabrand.in కోసం చూస్తే అది ఆల్రెడీ పోయింది. ఓపెన్ చేస్తే పైన మా బస్తా ఫొటోనే ఇంత పెద్దగ ఉంది, కింద ఆర్డర్ నొక్కితే మాత్రం వేరే పేరుతోని ఉన్న బియ్యం వస్తున్నయి, అది ఆయన సొంత ప్యాకింగ్. ఆయన అంటే ఎవరో కాదు, 2023 మార్చి దాక పాలమూరు దిక్కు మాకు డీలర్‌గ ఉన్నాయనే. ఫోన్ చేస్తే "పైసలు కట్టి కొన్న, నాది, కావాలంటే మూడు లక్షలు ఇయ్యుర్రి" అన్నడు, వాట్సాప్‌ల కూడా అదే మాట పెట్టిండు. ట్రేడ్‌మార్క్‌కు 2023 ఆగస్టుల అప్లై చేసినం, అబ్జెక్షన్ వచ్చి అట్లనే ఆగి ఉంది. రిజిస్టర్ కాని పేరుకు మనం ఏమన్నా చేయొచ్చునా, లేక పైసలిచ్చి తీసుకోవుడేనా? మామ రెండు రోజుల సంది అన్నం సరిగ తింటలేడు, పేరు పోయిందని.

కొండమీద_నల్లగొండ

గాబరా పడకు తమ్మీ. ఫర్మ్ పేరు, జీఎస్టీ, ఫుడ్ లైసెన్సు అన్నీ మీ పేరు మీద ఉన్నయంటే డొమైన్ కూడా మీదే అయితది, వేరేవాడు ఉంచుకోరాదు. 1930కి ఫోన్ కొట్టి సైబర్ క్రైమ్ కంప్లైంట్ పెట్టు, వాళ్లే సైట్ బంద్ చేయిస్తరు. మా బావమర్ది కేసుల ఫేక్ పేజీ ఒక్క దినంల తీసేసిన్రు.

పాలమూరు_సర్వర్

కొండమీద అన్నా, సగం కరెక్టే. ఆ కాగితాలు పనికొస్తయి, కానీ వాటంతట అవి డొమైన్ తెచ్చియ్యవు. డొమైన్ అమ్మేటోడు ఎవరి బ్రాండు ఏందని చూడడు, ముందు వచ్చి కట్టినోడికి ఇస్తడు అంతే. తర్వాత హక్కు ఉందని మనం నిరూపించుకోవాలె. 1930 అనేది పైసలు మోసపోయిన కేసులకు. ఆ సైట్ల ఎవరన్నా పైసలు కట్టి బియ్యం రాక మోసపోతే అది పోలీసు కేసు, అప్పుడు వేరే. ఇక్కడ ఆయన బియ్యం పంపిస్తనే ఉండు, పేరు మాత్రం మీది వాడుకుంటుండు, కాబట్టి పోలీసులు "ఇది సివిల్ మ్యాటర్" అని పంపిచ్చేస్తరు చాలాసార్లు.

ఎడమకాల్వ, ఇప్పటి సంది ఆయనకు ఫోన్ చేయకు, నోటీసు కూడా ఇప్పుడే పంపకు. నోటీసు ముట్టిన మరునాడే సైట్ మార్చేస్తడు, మీ బస్తా ఫొటో తీసేసి "త్వరలో" అని పెడతడు, అప్పుడు చూపెట్టనీకి ఏం ఉండదు. ముందు సైట్ల ప్రతి పేజీ స్క్రీన్‌షాట్ తీయి, అడ్రస్ బార్, తేదీ కనబడాలె. ఆర్డర్ నొక్కినకాడి నుంచి వేరే బ్రాండు వచ్చేదాక వీడియో తీయి. web.archive.org లో ఆ పేజీలు సేవ్ చేయి, అది మూడో మనిషి దగ్గర తేదీతోని ఉంటది కాబట్టి నువ్వు తయారుచేసినవని అనలేరు. వీలైతే ఒక ఆర్డర్ కూడా పెట్టు, బిల్లు, వచ్చిన బస్తా దాచిపెట్టు. ఆయన మూడు లక్షలు అడిగిన వాట్సాప్ మెసేజ్ బంగారం, డిలీట్ చేయకు, ఫోన్ మార్చకు. బేరం కూడా ఆడకు, నువ్వు "యాభై వేలు ఇస్త" అంటే అది ఆయనకు కాగితమైతది.

తర్వాత కంప్యూటర్‌ల ఇది కొట్టు, ఆ డొమైన్ ఎప్పుడు, ఎవరు తీసుకున్నరో చూపెడుతది, ఏమొచ్చిందో ఇక్కడ పెట్టు, పేరు మార్చి:

```
whois maabrand.in
```

గద్వాల_జరీ

నాది కూడా గిదే కథ అనుకుంటా, జర చూసి చెప్పుర్రి. మాకు గద్వాలల చీరల షాపు ఉంది. పోయిన వారం ఒక మెయిల్ వచ్చింది, చైనాల ఏదో డొమైన్ సంస్థ అంట, "మీ షాపు పేరుతోని వేరే కంపెనీ .cn, .asia అడుగుతుంది, మీరు అసలు ఓనర్ కదా, ఏడు రోజులల్ల చెప్పకపోతే వాళ్లకు ఇచ్చేస్తం" అని. నాకు నిద్ర పడ్తలేదు. పైసలు కట్టాల్నా?

పాలమూరు_సర్వర్

అక్కా, కట్టకు. అది చాలా ఏండ్ల సంది నడుస్తున్న మోసం. డొమైన్ అమ్మేటోళ్లు ఎవరూ నీ బ్రాండు నీకు చెప్పి గడువు పెట్టరు, పైన చెప్పిన కదా, వాళ్లు చూడనే చూడరు. నిన్ను భయపెట్టి నీకు అక్కరలేని పది పేర్లు ఎక్కువ రేటుకు అమ్ముతరు, ఆ "వేరే కంపెనీ" ఉండదు. జవాబు ఇయ్యకు, చైనాల నువ్వు చీరలు అమ్మట్లేదు కదా. ఎడమకాల్వ సంగతి వేరే, ఆయన పేరు నిజంగనే పోయింది.

గద్వాల_జరీ

బతికించినవు తమ్ముడూ. ఇంకొక్కటి, gadwal అనే మాట ఉన్న సైట్లు మస్తు ఉన్నయి, వాళ్లందరి మీద మేం అడగరాదా?

వకీల్_రామగిరి

అడగరాదమ్మా. గద్వాల చీరకు జీఐ ఉంది, అంటే ఊరిని బట్టి సరుకుకు ఇచ్చే గుర్తింపు, ఆ పేరు ఏ ఒక్క షాపుదీ కాదు, గద్వాలల నేసిన చీర అమ్మేటోడు గద్వాల అని రాసుకుంటడు. మీ షాపుకంటూ పెట్టుకున్న పేరు ఉంటే దానికే అడగొచ్చు. అందుకే ఎడమకాల్వ గారి కేసు కొంచెం గట్టిది, రెండు మాటలు కలిపి తయారైన పేరు, వేరేవాడికి అనుకోకుండ తట్టే పేరు కాదు.

ఎడమకాల్వ, మిర్యాలగూడ

అన్నా కొట్టిన, ఇట్ల వచ్చింది. పేరు, ఫోన్ అన్నీ దాచిపెట్టి ఉన్నయి.

```
Domain Name: maabrand.in
Creation Date: 2022-12-14
Registry Expiry Date: 2026-12-14
Registrant State/Province: Telangana
Registrant Country: IN
```

ఆయన పేరు కనబడకపోతే ఆయనే అని ఎట్ల చెప్పాలె? స్క్రీన్‌షాట్లు తీసిన, ఆర్డర్ కూడా పెట్టిన, బిల్లు మీద ఆయన ఫర్మ్ పేరే వచ్చింది.

వకీల్_రామగిరి

ఆ బిల్లే జవాబు. దానికితోడు కంప్లైంట్ పడ్డంక ఆ పేరు ఎవరి మీద ఉన్నదో వివరాలు మీకు ఇస్తరు, దాన్ని బట్టి కంప్లైంట్ సరిచేసుకోవచ్చు. కాబట్టి ఇప్పుడు దాని గురించి పరేషాన్ కావొద్దు.

దారి చెప్త వినుర్రి. .in పేర్లన్నీ నిక్సీ అనే సంస్థ చేతుల ఉంటయి. దానికి ఐఎన్‌డీఆర్‌పీ అని 2005 నుంచి ఒక పాలసీ ఉంది, కోర్టుకు పోకుండ ఆర్బిట్రేటర్ తేల్చే పద్ధతి. మీరు కంప్లైంట్, కాగితాలు, ఫీజు కడితే నిక్సీ తన లిస్టులకెళ్లి ఒక ఆర్బిట్రేటర్‌ను పెడుతది, ఆయన అవతలాయనకు నోటీసు ఇస్తడు, జవాబు వచ్చినా రాకున్నా కాగితాలు చూసి అవార్డు రాస్తడు. చాలా వరకు హాజరు కావుడు ఉండదు, ఢిల్లీ తిరుగుడు ఉండదు. కేసు నడిచినన్ని రోజులు ఆ పేరు లాక్ చేస్తరు, వేరేవాడికి అమ్ముకోరాదు. గెలిస్తే పేరు మీకు బదిలీ. ఆయన అమ్ముకున్న బియ్యానికి నష్టపరిహారం కావాలంటే మాత్రం కోర్టే.

మీరు మూడు సంగతులు చూపెట్టాలె. ఒకటి, ఆ పేరు మీద మీకు హక్కు ఉంది, డొమైన్ దానితోని కలుస్తుంది. రెండు, అవతలాయనకు ఆ పేరు వాడుకునే న్యాయమైన కారణం లేదు. మూడు, చెడు బుద్ధితోని రిజిస్టర్ చేసిండు లేదా చెడు బుద్ధితోని వాడుతుండు. ఈ మూడోదాంట్ల "లేదా" అనే మాట గుర్తుపెట్టుకోండి, మీ కేసుల అదే ముఖ్యం.

సూర్యాపేట_బైపాస్

ఇదంతా ఎందుకు వకీల్ సాబ్, జెనీవాల డబ్ల్యూఐపీఓ అని మేధో హక్కుల సంస్థ ఉంది కదా, ప్రపంచమంతా వాళ్ల మాట వింటది. మా తమ్ముడు డల్లాస్‌ల ఉంటడు, వాళ్ల కంపెనీ అక్కడనే వేసి గెలిచింది. అక్కడికే పోవాలె.

వకీల్_రామగిరి

మీ తమ్ముడి కంపెనీది .com అయి ఉంటది. .com, .net లాంటివి యూడీఆర్‌పీ అనే వేరే పాలసీ కింద వస్తయి, దానికి డబ్ల్యూఐపీఓ దగ్గర ఒక్క ప్యానలిస్టుతోని అయిదు పేర్ల దాక 1500 డాలర్లు. .in దానికిందికి రాదు, నిక్సీ దగ్గరికే రావాలె. ఇంకో తేడా ఏందంటే అక్కడ చెడు బుద్ధితోని రిజిస్టర్ చేయుడు, వాడుడు రెండూ రుజువు కావాలె. ఎడమకాల్వ గారి డీలర్ 2022 డిసెంబర్‌ల పేరు తీసుకున్నడు, అప్పుడు ఇంకా డీలరే. "మీ సరుకు అమ్మనీకే తీసుకున్న" అంటే ఆ రోజు బుద్ధి చెడ్డదని చూపెట్టుడు కష్టం. .in అయినందుకు, తర్వాత వాడిన తీరు చూపెట్టినా నిలబడే అవకాశం ఉంది.

పాలమూరు_సర్వర్

డీలర్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్న, ఆయన వకీలు తప్పకుండ ఈ పాయింటే పట్టుకుంటడు. డబ్ల్యూఐపీఓలో 2001ల ఓకీ డేటా అని ఒక కేసు నడిచింది, ప్రింటర్ల కంపెనీకి, దాని డీలర్‌కు మధ్య. డీలర్ కంపెనీ పేరు డొమైన్‌ల పెట్టుకున్నడు, గెలిచింది డీలరే. ఎందుకంటే ఆ సైట్ల నిజంగ ఆ కంపెనీ సరుకే అమ్మిండు, వేరేది కలపలే, తానెవరో స్పష్టంగ రాసిండు, ఆ కంపెనీకి ఏ పేరూ మిగలకుండ అన్నీ కొని పెట్టుకోలే. అప్పటి సంది డీలర్ కేసుల ఇవే చూస్తరు. మీ ఆయన మొదటిదాంట్లనే తప్పిండు, మీ పేరు చూపెట్టి తన బియ్యం అమ్ముతుండు. ఆ వీడియో తీయమన్నది అందుకే. కానీ ఎడమకాల్వ, ఒకటి నిజం చెప్పు, 2022ల ఆయన వెబ్‌సైట్ పెట్టుకుంటనని మిమ్ముల్ని అడిగిండా? మీరు సరే అన్నరా?

ఎడమకాల్వ, మిర్యాలగూడ

మామను అడిగిన. "వెబ్‌సైట్ పెడుత మామా, మన బియ్యం ఆన్‌లైన్‌ల అమ్ముదం" అని ఆయన అన్నడంట, మామ "పెట్టుకో" అన్నడంట. రాతల ఏం లేదు, మిల్లుల కూసొని మాట్లాడుకున్నది.

వకీల్_రామగిరి

అది దాచొద్దు. ఆయన జవాబుల అదే రాస్తడు, మనం ముందే చెప్తే బలం. "మా బియ్యం అమ్మనీకి, డీలర్‌గ ఉన్నన్ని రోజులు" ఒప్పుకున్నం, 2023 మార్చిల డీలర్‌షిప్ పోయింది, ఆ తర్వాత ఆ ఒప్పుకోలు లేదు, ఇది మన వాదన. డీలర్‌షిప్ ఆగినట్టు ఏదన్నా రాతల ఉందా? ఆఖరి బిల్లు, డిపాజిట్ వాపస్ ఇచ్చిన బ్యాంకు ఎంట్రీ ఏదైనా?

ఎడమకాల్వ, మిర్యాలగూడ

డిపాజిట్ చెక్కు వాపస్ ఇచ్చినం, స్టేట్‌మెంట్‌ల ఉంటది. ఆఖరి లోడు వే బిల్లు కూడా దొరుకుతది.

తిరుమలగిరి_మిల్లర్

నేను కూడా మిల్లు మనిషినే కాబట్టి ఒక సంగతి అడుగుత, వకీల్ సాబ్ కూడా జర చూడుర్రి. ఎడమకాల్వ, 2017 తర్వాత మీ బస్తా మీద ఒక లైన్ కొట్టించిన్రా, "ఈ బ్రాండు పేరు మీద మాకున్న హక్కును స్వచ్ఛందంగ వదులుకున్నం" అని తెలుగుల, ఇంగ్లీషుల?

తెలియనోళ్ల కోసం చెప్త. జీఎస్టీ వచ్చినప్పుడు రిజిస్టర్ అయిన బ్రాండు బియ్యానికి 5 శాతం, ఉత్త బియ్యానికి సున్నా అన్నరు. రిజిస్టర్ చేయని బ్రాండ్లు ఉన్నోళ్లు మస్తు మంది సున్నాలకు పోయిన్రు. అప్పుడు 2017 సెప్టెంబర్‌ల రూల్ మార్చి, రిజిస్టర్ కాకున్నా కోర్టుల అడిగే హక్కు ఉన్న పేరైతే 5 శాతమే, వద్దనుకుంటే ఆ హక్కు వదులుకున్నమని కమిషనర్‌కు అఫిడవిట్ ఇయ్యాలె, బస్తా మీద చెరగని సిరాతోని కొట్టియ్యాలె అన్నరు. నాకు తెలిసిన చిన్న మిల్లులు చాలా ఇచ్చినయి. 5 శాతం కడితే పక్క మిల్లు రేటుకు అమ్మలేం కదా.

ఎడమకాల్వ, మిర్యాలగూడ

ఇచ్చినం అన్నా. ఆడిటర్ చెప్తే ఇచ్చినం. పాత బస్తా ఒకటి గోదాంల ఉంటే తెచ్చి చూసిన, కింద కుట్టు పక్కన చిన్న అక్షరాలతోని ఆ లైన్ ఉంది. ఇప్పుడు దీంతోని పేరు మీద హక్కే పోయినట్టా?

కొండమీద_నల్లగొండ

అయితే ఇక కేసు లేనట్టే కదా. రాసిచ్చినంక మళ్లీ నాది అంటే ఎవరు ఒప్పుకుంటరు.

వకీల్_రామగిరి

అంత తొందరగ తేల్చొద్దు. మిల్లర్ గారు అడిగింది చాలా పెద్ద ప్రశ్న, నేను కూడా అఫిడవిట్ కాగితం చూడకుండ ఒక్క మాట అనను. నా ఆలోచన చెప్త.

మన దేశంల డొమైన్ కబ్జాకని వేరే చట్టం లేదు. అయినా 2004ల సత్యం ఇన్ఫోవే కేసుల సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, డొమైన్ పేరుకు కూడా ట్రేడ్‌మార్క్ లెక్కనే రక్షణ ఉంటది, రిజిస్టర్ కాకున్నా పాసింగ్ ఆఫ్ కింద, అంటే మన పేరుతోని వేరేవాడు తన సరుకు అమ్ముతుండని, అడగొచ్చు అని. sify అనేది వాళ్లు తయారు చేసుకున్న మాట, అవతలోళ్లు siffynet అని పెట్టుకున్నరు, సత్యం వాళ్లు హైకోర్టుల ఓడి సుప్రీంకోర్టుల గెలిచిన్రు. పాసింగ్ ఆఫ్‌ల చూసేది ఏందంటే, జనం ఆ పేరు చూసి ఏ మిల్లు బియ్యమని అనుకుంటరు. ఆ గుర్తింపు బజార్ల తయారైతది, అఫిడవిట్ ఇచ్చినంత మాత్రాన జనం మర్చిపోరు.

కానీ ఆ గుర్తింపు మీద అడిగే హక్కునే మీరు వదులుకున్నమని రాసిచ్చిన్రు. అవతలాయన వకీలు తెలివైనోడైతే ఆ బస్తా ఫొటోనే పెడతడు. దానికి మన జవాబు తేదీలల్ల ఉంది. 2022 జులై 18 నుంచి బ్రాండు లెక్క తీసేసి, ప్యాకు చేసి లేబుల్ వేసిన 25 కిలోల లోపు బియ్యానికి 5 శాతం అన్నరు. అంటే ఆ రోజు సంది అఫిడవిట్‌కు పన్ను పరంగ పని లేదు. డొమైన్ తీసుకున్నది 2022 డిసెంబర్, ట్రేడ్‌మార్క్ అప్లికేషన్ 2023. జులై తర్వాత ఆ లైన్ లేకుండ బస్తాలు కొట్టిచ్చి ఉంటే, మళ్లీ హక్కు మాదే అని నడుచుకున్నట్టు చూపెట్టొచ్చు. ఇది ఆర్బిట్రేటర్ ఒప్పుకుంటడని గ్యారంటీ నేను ఇయ్యను.

తిరుమలగిరి_మిల్లర్

అక్కడే ఇంకో తిరకాసు ఉంది సాబ్. జులై తర్వాత అందరం 26 కిలోల బస్తాకు పోయినం, 25 దాటితే పన్ను లేదని. పాత బస్తాల స్టాకు ఉన్నన్ని రోజులు ఆ లైన్ తోనే కుట్టిచ్చినోళ్లు ఉన్నరు. ఎడమకాల్వ వాళ్లు కొత్త 26 కిలోల బస్తా ఎప్పుడు కొట్టిచ్చిన్రో ఆ ప్రింటింగ్ బిల్లు చూసుకోవాలె, అది డిసెంబర్ 14కు ముందుదైతే మంచిది.

సూర్యాపేట_బైపాస్

నాకు మాత్రం ఇదంతా చూస్తుంటే మూడు లక్షలు కాదు, లక్షకు తెగ్గొట్టుకుని తీసుకోవుడే నయం అనిపిస్తుంది. కేసుకు ఫీజు, వకీలు, టైమూ పోతయి.

పాలమూరు_సర్వర్

అన్నా నేను ఒప్పుకోను. ఏడాదికి వెయ్యి రూపాయలు కూడా కాని పేరుకు లక్ష ఇస్తే, రేపు ఇంకో డీలర్ .co.in తీసుకుని కూసుంటడు. అయినా ఎడమకాల్వ, ఒక పని ఈ రాత్రికే చేయి, maabrand.com, .co.in ఖాళీగ ఉంటే మిల్లు ఫర్మ్ పేరు మీదనే తీసుకో. సైట్ తయారుచేసే పిల్లగాడి పేరు మీద, అతని మెయిల్ మీద వద్దు, అట్ల చిక్కుకున్న షాపులు మహబూబ్‌నగర్‌ల నేను చూసిన. కేసు ఏమైనా కానీ ఆర్డర్లు .com మీద మొదలుపెట్టొచ్చు, మామకు చెప్పు, పేరు పూర్తిగ ఏం పోలే.

ఎడమకాల్వ, మిర్యాలగూడ

.com ఉంది, ఫర్మ్ మెయిల్ మీద తీసుకున్న ఇప్పుడే. .co.in కూడా. బస్తాలు కొట్టిచ్చింది హైదరాబాద్‌ల, వాళ్లకు ఫోన్ చేసిన, 2022ల రెండు ఆర్డర్లు ఉన్నయంట, ఒకటి ఏప్రిల్‌ల, ఒకటి అక్టోబర్‌ల. అక్టోబర్ బస్తా డిజైన్‌ల ఆ లైన్ ఉందో లేదో వాళ్ల పాత ఫైళ్లల్ల చూడాలె అన్నరు. 2014 నాటి బిల్లులు కూడా ఇస్తమన్నరు.

వకీల్_రామగిరి

డిజైన్ ఫైలు మెయిల్‌లనే పంపమనండి, తేదీ ఉంటది. 2014 బిల్లుతోపాటు ఆ కాలం ఫుడ్ లైసెన్సు, ఏడాదికొక రెండు మూడు అమ్మకం బిల్లులు, పేరు కనబడేటివి, 2014 నుంచి ఇప్పటిదాక వరుసగ. అన్నీ ఒకే ఏడాదివి తెస్తే ఉపయోగం లేదు. వాట్సాప్ మెసేజ్‌లు రేపు కోర్టు దాక పోతే సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ పెట్టాల్సి ఉంటది, కాబట్టి ఆ ఫోన్ అట్లనే ఉంచుర్రి. ఇంకా ట్రేడ్‌మార్క్ అప్లికేషన్‌ల ఎప్పటి నుంచి వాడుతున్నట్టు రాసిన్రు?

ఎడమకాల్వ, మిర్యాలగూడ

ఏజెంటు వేసిండు సార్, చూస్త... "ప్రపోజ్డ్ టు బీ యూజ్డ్" అని ఉంది.

వకీల్_రామగిరి

అంటే 2023ల ఇంకా వాడట్లేదు, వాడబోతున్నం అని రాసినట్టు. తొమ్మిదేండ్ల సంది అమ్ముతున్న పేరుకు. ఆయన వకీలు బస్తా కన్నా ముందు దీన్నే చూస్తడు, అప్లికేషన్ ఆన్‌లైన్‌ల ఎవరికైనా కనబడుతది. దాన్ని 2014 అని సవరించమని అడగాలె, రిజిస్ట్రీ అంత సులువుగ ఒప్పుకోదు, అప్పుడు మొదటి నుంచి వాడిన అఫిడవిట్, బిల్లులు పెట్టి కొత్త అప్లికేషన్ వేయాల్సి రావొచ్చు. బియ్యం 30వ క్లాసుల వస్తది, ఉద్యం సర్టిఫికెట్ ఉంటే ఆన్‌లైన్ ఫీజు 4,500. నిక్సీ కంప్లైంట్ దీని తర్వాతనే పెడదం. ఏజెంటు వేసిన కాగితాలన్నీ తీసుకుని సోమవారం రండి, జీఎస్టీ అఫిడవిట్ కాపీ మర్చిపోకండి.

తిరుమలగిరి_మిల్లర్

వకీల్ సాబ్, ఆ అఫిడవిట్ ఇచ్చిన మిల్లులు మా దగ్గర ఇంకా ఉన్నయి, వాపస్ తీసుకోనీకి ఏమన్నా దారి ఉందా? కమిషనర్‌కు ఉత్తరం రాస్తే సరిపోతదా?

వకీల్_రామగిరి

ఉత్తరం రాసి రసీదు పెట్టుకోవుడు మంచిదే, కనీసం తేదీ ఉంటది. దాంతోనే హక్కు వాపస్ వస్తదా అంటే నేను అవునని చెప్పలేను మిల్లర్ గారూ. ఎడమకాల్వ గారి కాగితం చూసినంక ఇక్కడనే రాస్త.